లా ఆప్షనల్‌లో అడ్మినిస్ట్రేటివ్ లా ఆరు నెలల్లో రివిజన్: తరచుగా అడిగే ప్రశ్నలు

సిలబస్ ఒకసారి పూర్తి చేసి, నోట్స్ ఏదో ఒక రూపంలో చేతిలో ఉండి, మెయిన్స్‌కి ఆరు నెలలు ఉందనగా మళ్ళీ మొదలుపెడుతున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశాను. నేను లా ఆప్షనల్‌తోనే మెయిన్స్ రాశాను, తర్వాత కొంతమంది జూనియర్ల ఆన్సర్లు దిద్దాను, అందులో మళ్ళీ మళ్ళీ వచ్చిన ప్రశ్నలే ఇవి.

అడ్మినిస్ట్రేటివ్ లా అని విడిగా ఒక ఆప్షనల్ ఉందా?

లేదు. యూపీఎస్సీ లిస్టులో ఉన్నది "లా" అనే ఆప్షనల్. అందులో పేపర్ 1 మొదటి భాగం పేరు కాన్‌స్టిట్యూషనల్ అండ్ అడ్మినిస్ట్రేటివ్ లా, రెండో భాగం ఇంటర్నేషనల్ లా. మొదటి భాగంలో మొత్తం 16 పాయింట్లు ఉంటాయి, చివరి ఐదు మనవి: సహజ న్యాయ సూత్రాలు, డెలిగేటెడ్ లెజిస్లేషన్, సెపరేషన్ ఆఫ్ పవర్స్, పాలనా చర్యల మీద జ్యుడీషియల్ రివ్యూ, ఆంబుడ్స్‌మన్. వీటితో పాటు తొమ్మిదో పాయింట్‌లో సర్వీసుల దగ్గర అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్స్ అనే మాట దాక్కుని ఉంటుంది, చాలామంది దాన్ని చివర్లో చూసుకుని కంగారు పడతారు.

పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ ఆప్షనల్ పేపర్ 1లో కూడా అడ్మినిస్ట్రేటివ్ లా అనే యూనిట్ ఉంది, కానీ అక్కడ డైసీ ఏమన్నాడు, డెలిగేటెడ్ లెజిస్లేషన్ ఎందుకు పెరిగింది, ట్రిబ్యునల్స్ ఎందుకు వచ్చాయి అన్న స్థాయిలో ఉంటుంది. కేసుల లోతు అక్కర్లేదు. కింద రాసిందంతా లా ఆప్షనల్ వాళ్ళ కోసమే.

పేపర్‌లో దీని వాటా ఎంత?

పేపర్ 250 మార్కులు, మూడు గంటలు. ఎనిమిది ప్రశ్నల్లో ఐదు రాయాలి. 1, 5 తప్పనిసరి, మిగతా మూడు మన ఇష్టం కానీ ఒక్కో సెక్షన్ నుంచి కనీసం ఒకటి ఉండాలి. మొదటి ప్రశ్నలో పది మార్కుల చిన్న ప్రశ్నలు ఐదు ఉంటాయి, ఒక్కోటి 150 పదాల్లో. రాజ్యాంగం, అడ్మినిస్ట్రేటివ్ లా రెండూ కలిసి సెక్షన్ ఏ కాబట్టి ఈ ఏడాది ఇన్ని మార్కులు వస్తాయని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. నా సలహా ఏంటంటే పాత ప్రశ్నాపత్రాలు పదేళ్ళవి ముందేసుకుని సెక్షన్ ఏ ప్రశ్నలకి పక్కన పెన్సిల్‌తో 12, 13, 14, 15, 16 అని సిలబస్ నంబర్లు వేయండి. ఒక సాయంత్రం పని. ఏది ఎలా అడుగుతున్నారో మీ కళ్ళతో మీరే చూస్తారు, ఇంకొకరు చేసిన అనాలిసిస్ చదివితే ఆ చూపు రాదు.

ఆరు నెలలు అంటే నిజంగా ఎంత టైమ్?

ఇక్కడే అందరి ప్లాన్ తప్పుతుంది. 2025 క్యాలెండర్ తీసుకుంటే ప్రిలిమ్స్ మే 25న, మెయిన్స్ ఆగస్టు 22న మొదలు. ఆగస్టు 22 నుంచి ఆరు నెలలు వెనక్కి వెళ్తే ఫిబ్రవరి చివరికి వస్తాం, అంటే ప్రిలిమ్స్ ఈ ఆరు నెలల నడుమ పడుతుంది. ఏప్రిల్ రెండో వారం నుంచి ప్రిలిమ్స్ దాకా ఆప్షనల్ ఎలాగూ మూసేయాల్సిందే. కాబట్టి ముందు ఏడు వారాలు, తర్వాత పన్నెండు వారాలు, అంతే మనకి మిగిలేది. ఆ పన్నెండులో కూడా జీఎస్, ఎస్సే, ఇంటర్నేషనల్ లా, పేపర్ 2 అన్నీ ఉన్నాయి.

నేను చెప్పే లెక్క ఇది: ముందు ఏడు వారాల్లో వారానికి తొమ్మిది గంటలు, ప్రిలిమ్స్ తర్వాత వారానికి నాలుగు గంటలు. అంతా కలిపితే 110 గంటల చిల్లర. తక్కువే అనిపిస్తుంది, కానీ ఐదారు పాయింట్లకి ఇది సరిపోతుంది, ఒక్క షరతు మీద. బరువైన చదువు మొత్తం ప్రిలిమ్స్‌కి ముందే అయిపోవాలి. ప్రిలిమ్స్ తర్వాత కొత్త కేసు చదివి నోట్స్ రాసే పని పెట్టుకుంటే ఆన్సర్ రాసే టైమ్ మిగలదు. నేను మొదటిసారి సరిగ్గా అదే చేశాను. జూలైలో కూర్చుని ట్రిబ్యునల్స్ నోట్స్ రాస్తూ ఉండిపోయాను, ఆన్సర్ ప్రాక్టీస్ లేక పరీక్షలో చివరి ప్రశ్న సగంలో వదిలేశాను.

ఆ ఏడు వారాల్లో ఏది ముందు చదవాలి?

మొదటి మూడు వారాలు సహజ న్యాయ సూత్రాలకే ఇవ్వండి. తర్వాత రెండు వారాలు జ్యుడీషియల్ రివ్యూ. ఆరో వారం డెలిగేటెడ్ లెజిస్లేషన్, సెపరేషన్ ఆఫ్ పవర్స్ కలిపి, ఎందుకంటే చట్టసభ తన పనిని ఇంకొకరికి ఎంతవరకు అప్పగించొచ్చు అన్నదే రెండింటి నడుమా నలిగే ప్రశ్న. ఏడో వారం ట్రిబ్యునల్స్, మిగిలిన ఒక రోజులో ఆంబుడ్స్‌మన్.

సహజ న్యాయానికి మూడు వారాలా అని అడుగుతారు. అది ఒక్క పాయింట్‌గా ఆగదు. 311వ అధికరణం కింద ఉద్యోగిని తీసేయడం గురించి అడిగినా, 21వ అధికరణం అడిగినా, జ్యుడీషియల్ రివ్యూలో ప్రొసీజరల్ ఇంప్రొప్రైటీ అడిగినా మళ్ళీ ఇక్కడికే వస్తాం. ఇది గట్టిగా ఉంటే మిగతావి సగం దారిలో ఉన్నట్టే.

కేసులు గుర్తుండట్లేదు. నోట్స్ ఎలా రాసుకోవాలి?

పేరు, సంవత్సరం, ఒక లైన్ ప్రిన్సిపుల్ అని రాసుకుంటే గుర్తుండవు, పరీక్షలో అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఒక్కో కేసుకి నాలుగు విషయాలు రాయండి: ఎవరికి ఏం జరిగింది, ప్రభుత్వం ఏం వాదించింది, కోర్టు ఏ ఒక్క చోట వేలు పెట్టింది, ఈ తీర్పు ముందున్న దాన్ని ఏం మార్చింది. అరపేజీ దాటకూడదు.

మన దగ్గరి కేసుతోనే చూపిస్తాను. గుళ్ళపల్లి నాగేశ్వరరావు కేసు, 1959. కృష్ణా జిల్లాలో కొన్ని బస్ రూట్లని ఆర్టీసీ పరం చేయడానికి మోటారు వాహనాల చట్టం, 1939 కింద స్కీమ్ పెట్టారు. ప్రైవేట్ బస్సుల యజమానులు అభ్యంతరాలు వేశారు. చట్టం ప్రకారం ఆ అభ్యంతరాలని రాష్ట్ర ప్రభుత్వం విని తేల్చాలి. విన్నది రవాణా శాఖ బాధ్యత చూసే సెక్రటరీ. ఫైలు చూసి స్కీమ్‌కి ఆమోదం తెలిపింది ముఖ్యమంత్రి. ప్రభుత్వం వాదన ఏంటంటే సెక్రటరీ అయినా ముఖ్యమంత్రి అయినా ఇద్దరూ ప్రభుత్వమే కదా, రూల్స్ ప్రకారమే నడిచాం కదా అని. సుప్రీంకోర్టు రెండు చోట్ల వేలు పెట్టింది. ఒకటి, ఒకరు విని ఇంకొకరు నిర్ణయిస్తే ఆ విచారణకి అర్థం లేదు, ఎందుకంటే సాక్షి మాట తీరు చూసినవాడు, లాయర్ వాదన విన్నవాడు ఒకడు, సంతకం పెట్టినవాడు ఇంకొకడు. రెండు, ఆ సెక్రటరీ ఈ వివాదంలో ఒక పక్షంగా ఉన్న శాఖకే పెద్ద, తన శాఖ తగాదాకి తనే తీర్పరి కాలేడు.

ఇక్కడితో ఆపేస్తే సగమే చదివినట్టు. ఆ తర్వాత ఈసారి ముఖ్యమంత్రే స్వయంగా విన్నారు. బస్సుల యజమానులు మళ్ళీ వెళ్ళారు, రవాణా శాఖ ఆయన చేతిలోనే ఉంది కాబట్టి ఇదీ పక్షపాతమే అని. అదే ఏడాది వచ్చిన రెండో తీర్పులో కోర్టు ఒప్పుకోలేదు. సెక్రటరీ శాఖలో భాగం, మంత్రి మాత్రం ఆ శాఖ పనులకి బాధ్యుడే కానీ శాఖలో భాగం కాదు అని తేడా చూపించింది. ఈ తేడా ఎంతవరకు నిలుస్తుంది అన్నది మీరు ఆన్సర్లో ప్రశ్నించొచ్చు, నాకైతే అది కాస్త పల్చగానే అనిపిస్తుంది. అలా ప్రశ్నించే ఒక్క వాక్యంతో చదివినవాడి ఆన్సర్, బట్టీ కొట్టినవాడి ఆన్సర్ వేరుగా కనిపిస్తాయి. మొదటి తీర్పు మాత్రమే రాసేవాళ్ళు చాలామంది, రెండోది కూడా రాస్తే డిపార్ట్‌మెంటల్ బయాస్ మీద పది మార్కుల ప్రశ్నకి దాదాపు ఈ ఒక్క జంటే సరిపోతుంది.

మొత్తం ఎన్ని కేసులు కావాలి?

సహజ న్యాయానికి పదిహేను, జ్యుడీషియల్ రివ్యూకి పది పన్నెండు, మిగతా అన్నిటికీ కలిపి పదిహేను. అంతకు మించితే పరీక్షలో ఏది బయటికి తీయాలో తెలియదు. అయితే సంఖ్య కంటే ముఖ్యం వాటిని గొలుసులుగా కట్టుకోవడం.

మొదటి గొలుసు: అసలు ఏ సందర్భంలో వినాలి అన్నది. ఇంగ్లండ్‌లో రిడ్జ్ వర్సెస్ బాల్డ్విన్, బ్రైటన్ చీఫ్ కానిస్టేబుల్‌ని వినకుండా తీసేశారు, హౌస్ ఆఫ్ లార్డ్స్ చెల్లదంది. మన దగ్గర 1967లో బీనాపాణి దేయి, పుట్టిన తేదీ మార్చేసి ముందే రిటైర్ చేశారు, కోర్టు అది పాలనా ఉత్తర్వు అయినా సరే వినాల్సిందే అంది. 1969లో క్రైపాక్, ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ సెలక్షన్ బోర్డులో కూర్చున్న తాత్కాలిక చీఫ్ కన్జర్వేటర్ తనే ఒక అభ్యర్థి. తన పేరు వచ్చినప్పుడు పక్కకి జరిగాడు కానీ పోటీదారుల పేర్లు చర్చించేటప్పుడు ఉన్నాడు. పాలనాపరం, క్వాసీ జ్యుడీషియల్ అనే గీత చెరిగిపోతోందని కోర్టు చెప్పింది ఇక్కడే. 1978లో మేనకా గాంధీ, పాస్‌పోర్ట్ స్వాధీనం, 21వ అధికరణంతో ముడి.

రెండో గొలుసు: వినకపోతే ఆ ఉత్తర్వు దానంతటదే పోతుందా, లేక నాకు నష్టం జరిగిందని నేను చూపించాలా. 1980లో ఎస్.ఎల్. కపూర్ కేసు, న్యూఢిల్లీ మున్సిపల్ కమిటీని రద్దు చేసిన వ్యవహారం, వినకపోవడమే నష్టం అంది కోర్టు. 1993లో హైదరాబాద్ ఈసీఐఎల్ వర్సెస్ కరుణాకర్, విచారణాధికారి రిపోర్టు కాపీ ఉద్యోగికి ఇవ్వాల్సిందే, కానీ ఇవ్వలేదన్న ఒక్క కారణంతో ఉత్తర్వు కొట్టేయరు, ఇచ్చి ఉంటే ఫలితం మారేదా అని చూస్తారు అంది. ఈ రెండూ ఎదురెదురుగా పెట్టి రాయడం వస్తే ప్రశ్నని ఎటు తిప్పి అడిగినా భయం ఉండదు.

సిలబస్‌లో "ఎమర్జింగ్ ట్రెండ్స్" అంటే ఏం చదవాలి?

ఈమధ్యవి రెండు తీర్పులు బాగా చదవండి, ఇరవై పేర్లు పోగేయొద్దు.

ఒకటి స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వర్సెస్ రాజేష్ అగర్వాల్, 2023. ఇది తెలంగాణ హైకోర్టు నుంచి వెళ్ళిన వ్యవహారం. ఆర్‌బీఐ 2016 మార్గదర్శకాల ప్రకారం బ్యాంకులు ఒక ఖాతాని ఫ్రాడ్ అని ప్రకటించొచ్చు, అందులో అప్పు తీసుకున్నవాడిని వినాలని ఎక్కడా లేదు. కానీ ఆ ముద్ర పడితే ఐదేళ్ళపాటు బ్యాంకు అప్పు పుట్టదు. సుప్రీంకోర్టు ఏమందంటే మార్గదర్శకాల్లో రాయకపోయినా ఆడి ఆల్టరమ్ పార్టెం సూత్రాన్ని అందులో ఉన్నట్టే చదవాలి, నోటీసు ఇచ్చి, ఆడిట్ రిపోర్ట్ మీద జవాబు చెప్పే అవకాశం ఇచ్చి, కారణాలతో ఉత్తర్వు రాయాలి. అదే తీర్పులో ఎఫ్‌ఐఆర్ పెట్టేముందు మాత్రం వినాల్సిన పని లేదని కూడా చెప్పింది, ఈ హద్దు రాయడం మర్చిపోతారు. తర్వాత 2024 జూలైలో ఆర్‌బీఐ కొత్త మార్గదర్శకాలు ఇచ్చి షోకాజ్ నోటీసుకి జవాబివ్వడానికి కనీసం 21 రోజులు ఇవ్వాలంది. కోర్టు మాట రూల్‌లోకి ఎలా దిగుతుందో చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రెండోది అదే ఏడాది మాధ్యమం బ్రాడ్‌కాస్టింగ్ కేసు. ఒక మలయాళం న్యూస్ ఛానెల్‌కి సెక్యూరిటీ క్లియరెన్స్ లేదని లైసెన్స్ పొడిగించలేదు, కారణాలు సీల్డ్ కవర్లో కోర్టుకి మాత్రమే ఇచ్చారు. దేశభద్రత అన్న మాట అనగానే సహజ న్యాయం మాయమైపోదు, దాన్ని ఎంత తగ్గించారో ఆ తగ్గింపు అవసరానికి తగ్గట్టుందా అని చూడాలి అంది కోర్టు. అంటే ప్రపోర్షనాలిటీ వచ్చి సహజ న్యాయంలో కూర్చుంది. ఆ వాక్యం ఒక్కటే ట్రెండ్ అనే మాటకి జవాబు.

వెడ్నెస్‌బరీ, ప్రపోర్షనాలిటీ రెండూ కలిసిపోతున్నాయి. ఎలా విడదీయాలి?

కోర్టు అడిగే ప్రశ్న ఏంటో చూడండి. వెడ్నెస్‌బరీలో, బుర్ర సరిగ్గా ఉన్న ఏ అధికారీ తీసుకోలేనంత వింత నిర్ణయమా ఇది అని అడుగుతుంది, కాదంటే వదిలేస్తుంది. ప్రపోర్షనాలిటీలో ఇంకా లోపలికొస్తుంది, ఈ లక్ష్యానికి ఇంత కఠినమైన దారి అవసరమా, దీనికంటే తక్కువ దెబ్బతో అయ్యేది కాదా అని. రంజిత్ ఠాకూర్ కేసు, 1987, పెట్టుకోండి. భోజనం చేయమన్న ఆదేశాన్ని ఒక సైనికుడు వినలేదని ఏడాది జైలు, ఉద్యోగం నుంచి తొలగింపు. తప్పుకీ శిక్షకీ పొంతన లేదంది కోర్టు. తర్వాత ఓం కుమార్ కేసు, 2001, ఎప్పుడు ఏది వాడాలో విడదీసింది: ప్రాథమిక హక్కుల మీద ఆంక్ష గానీ, 14 కింద వివక్ష గానీ అయితే ప్రపోర్షనాలిటీ, 14 కింద ఉత్తర్వు ఇష్టమొచ్చినట్టుంది అన్న ఫిర్యాదు అయితే వెడ్నెస్‌బరీ, శిక్షల విషయం ఈ రెండో కోవలోకే వస్తుంది. ఇది గుర్తుంటే కన్ఫ్యూజన్ పోతుంది.

డెలిగేటెడ్ లెజిస్లేషన్‌లో ఢిల్లీ లాస్ యాక్ట్ కేసు అర్థం కావట్లేదు, ఏం చేయాలి?

అర్థం కాకపోవడం మీ తప్పు కాదు, 1951లో ఏడుగురు జడ్జీలు ఏడు అభిప్రాయాలు రాశారు. ఎవరేమన్నారు అనే దారిలో వెళ్ళొద్దు. కోర్టు ముందు మూడు చట్టాల్లోని నిబంధనలు ఉన్నాయి, ఒక్కోదానికి ఏమైంది అని రాసుకోండి. 1912 ఢిల్లీ చట్టం నిబంధన చెల్లింది. 1947 అజ్మీర్ మేర్వారా చట్టం నిబంధన చెల్లింది. 1950 పార్ట్ సి రాష్ట్రాల చట్టంలో వేరే చోటి చట్టాన్ని ఇక్కడికి తెచ్చుకునే భాగం చెల్లింది, ఇక్కడ ఉన్న చట్టాన్ని రద్దు చేయడానికో మార్చడానికో అధికారమిచ్చిన భాగం పోయింది. తేవడం సరే, ఉన్నదాన్ని చెరపడం చట్టసభ అసలు పని, దాన్ని అప్పగించకూడదు. ఇది పట్టుకుంటే తర్వాతి కేసులన్నీ ఈ గీత ఎక్కడ పడుతుందో వెతికేవే.

ట్రిబ్యునల్స్‌కి ఎంత చదివితే చాలు?

రెండు తీర్పులు వెన్నెముక. 1987 సంపత్ కుమార్, హైకోర్టుకి ట్రిబ్యునల్ ప్రత్యామ్నాయం కావొచ్చంది. 1997 ఎల్. చంద్రకుమార్, ఏడుగురు జడ్జీలు, కాదు, అనుబంధం మాత్రమే, ట్రిబ్యునల్ తీర్పు మీద ముందు హైకోర్టు డివిజన్ బెంచ్‌కి వెళ్ళాలి అన్నారు. ఈ రెండిటి నడుమ 1993లో సకినాల హరినాథ్ కేసులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ హైకోర్టు అధికారాన్ని తీసేసే నిబంధనని కొట్టేసింది, చంద్రకుమార్ తీర్పుకి దారి వేసిన వాటిలో అదొకటి. ఒక్క వాక్యం రాసినా ఆన్సర్‌కి బలం. ఆ తర్వాత మద్రాస్ బార్ అసోసియేషన్ పేరుతో వచ్చిన వరుస తీర్పులు ట్రిబ్యునల్ సభ్యుల నియామకం, పదవీకాలం గురించి, వాటిని కలిపి ఒకే అరపేజీ చాలు.

సమస్య రూపంలో ప్రశ్న ఇస్తే ఎలా రాయాలి?

నేను ప్రాక్టీస్‌కి తయారు చేసిన ఒక ప్రశ్న: ఒక రేషన్ డీలర్‌కి స్టాక్ తేడా ఉందని షోకాజ్ నోటీసు ఇచ్చారు. తనిఖీ రిపోర్టు కాపీ అడిగితే ఇవ్వలేదు. జవాబు తీసుకుని డీలర్‌షిప్ రద్దు చేశారు, ఉత్తర్వులో స్టాక్ తేడాతో పాటు కార్డుదారుల నుంచి ఫిర్యాదులు అని ఇంకో కారణం చేర్చారు. హైకోర్టులో వేసిన అఫిడవిట్‌లో అతను ధరలు కూడా ఎక్కువ తీసుకున్నాడని మూడో కారణం చెప్పారు. ఉత్తర్వు నిలుస్తుందా?

చాలామంది సహజ న్యాయం నిర్వచనంతో మొదలుపెడతారు, అందులోనే సగం పోతుంది. పది మార్కులకి మనకున్నది ఏడు నిమిషాలు. మూడు గంటల్ని 250తో భాగిస్తే మార్కుకి ముప్పావు నిమిషం కూడా రాదు. కాబట్టి నేరుగా కారణాల మీదికి వెళ్ళండి, మూడు కారణాలు ఉన్నాయి కదా, మూడింటిదీ మూడు దారులు.

ఫిర్యాదులు అన్న రెండో కారణం నోటీసులోనే లేదు, లేనిదానికి అతను జవాబు చెప్పే అవకాశమే రాలేదు, అది పక్కకి పోతుంది. అఫిడవిట్‌లోని మూడో కారణానికి 1978 మొహిందర్ సింగ్ గిల్ కేసు ఉంది, ఉత్తర్వు చెల్లుబాటుని అందులో రాసిన కారణాలతోనే చూడాలి, తర్వాత కోర్టులో కొత్తవి అతికించకూడదు. ఇక మిగిలింది స్టాక్ తేడా. ఇది నోటీసులో ఉంది, అతను జవాబూ ఇచ్చాడు, కానీ దానికి ఆధారమైన రిపోర్టు చూపించలేదు. ఇక్కడ కరుణాకర్ వస్తుంది, అది సర్వీస్ కేసు అయినా పరీక్ష అదే: రిపోర్టు ఇచ్చి ఉంటే అతని జవాబు మారేదా? అంకెల లెక్క మీద నడిచే ఆరోపణ కాబట్టి రిపోర్టు లేకుండా జవాబు చెప్పడం కష్టం, నష్టం జరిగినట్టే. ముగింపులో ఉత్తర్వు కొట్టేసి, రిపోర్టు ఇచ్చి మళ్ళీ విచారించమని వెనక్కి పంపే అవకాశం ఎక్కువ అని రాయండి. డీలర్ గెలిచాడు, డీలర్‌షిప్ వచ్చేసింది అని రాస్తే తప్పు. ప్రొసీజర్ తప్పితే కోర్టు సాధారణంగా మళ్ళీ సరిగ్గా చేయమంటుంది, ఆరోపణ అబద్ధమని తేల్చదు. నేను దిద్దిన పేపర్లలో ఎక్కువమంది తప్పింది ఈ చివరి మెట్టు దగ్గరే.

తెలుగు మీడియంలో రాయొచ్చా?

రాయొచ్చు. కానీ ప్రశ్నాపత్రం ఇంగ్లీష్, హిందీలోనే వస్తుంది. టెక్నికల్ పదాల పక్కన బ్రాకెట్లో ఇంగ్లీష్ పదం రాసుకోవడానికి నోటిఫికేషన్ ఒప్పుకుంటుంది, అయితే పదాలకే, వాక్యాలకి కాదు. నేను చెప్పేదేంటంటే ఒక యాభై పదాల లిస్ట్ మొదటి వారంలోనే చేసుకుని ఆరు నెలలూ ఒకే అనువాదం వాడండి. ఒక పేజీలో పక్షపాతం, ఇంకో పేజీలో పక్షపాత ధోరణి, ఇంకోచోట బయాస్ అంటే దిద్దేవాళ్ళకి మీరు మూడు వేరే విషయాలు మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

రివిజన్ నిజంగా ఎక్కుతోందని ఎలా తెలుస్తుంది?

ప్రిలిమ్స్ అయిన వారంలో నోట్స్ తెరవకుండా తెల్లకాగితం మీద ఆ రెండు గొలుసులూ రాయండి. పేర్లు మర్చిపోయినా పర్లేదు, ఎవరికి ఏం జరిగింది, తర్వాతి కేసు ఏం మార్చింది అన్నది రాయగలిగితే ఎక్కినట్టే. పేరు, సంవత్సరం వచ్చి కథ రాకపోతే మాత్రం ఎక్కలేదు, ఆ కేసు మళ్ళీ చదవాలి. ఆ తర్వాత పన్నెండు వారాలూ వారానికి ఒక గంట నోట్స్, మూడు గంటలు టైమ్ పెట్టుకుని ఆన్సర్లు. ఒక వారం చిన్నవి, ఒక వారం ఇరవై మార్కులవి, పద్నాలుగు నిమిషాలకి అలారం పెట్టుకుని.

కొత్త తీర్పులు ఎప్పటిదాకా చదవాలి?

మెయిన్స్‌కి ఆరు వారాల ముందు ఆపేయండి. ఆ తర్వాత వచ్చే తీర్పు ఎంత పెద్దదైనా పేరు, రెండు లైన్లు, దాన్ని ఏ గొలుసు చివర తగిలించాలో ఆ కాగితం మీదే రాసి వదిలేయండి.